‘గురించి’కి ఫ్రెంచిలో ఒక మాట చాలదు: క్రియ పక్కన ‘ఆ’ రావాలా, ‘ద’ రావాలా?

తెలుగులో ప్రయాణం గురించి ఆలోచిస్తాం, ప్రయాణం గురించే మాట్లాడతాం. రెండు చోట్లా ‘గురించి’ సరిపోతుంది. ఫ్రెంచిలో అలా కుదరదు. ఆలోచించడానికి ‘పాఁసే ఆ’, మాట్లాడడానికి ‘పార్లే ద’ అనాలి. ఈ ‘ఆ’, ‘ద’లను ఫ్రెంచి వ్యాకరణం ప్రెపొజిషన్లు అంటుంది. తెలుగు విభక్తులు నామవాచకం తర్వాత వస్తే ఇవి దానికి ముందు వస్తాయి. ఏ క్రియకు ఏది రావాలో చాలావరకు భాషే స్థిరపరిచింది. మాట్లాడేవారికి ఎంచుకునే వీలు తక్కువ. (ఈ వ్యాసంలో అరసున్న ఉన్న అచ్చును ముక్కుతో పలకాలి.)

చిన్న మాటే కదా, తప్పినా అర్థమవుతుందిలే అని చాలామంది వదిలేస్తారు. ఒక్క వాక్యం వరకైతే నిజంగానే అర్థమవుతుంది. చిక్కు తర్వాతి వాక్యంలో మొదలవుతుంది.

తప్పు ఎక్కడ బయటపడుతుంది

‘ప్రయాణం’ అనే మాటను మళ్లీ చెప్పకుండా ‘దాని గురించి’ అనాలనుకుందాం. క్రియకు ‘ఆ’ ఉంటే ‘ఈ’ అనే సర్వనామం వస్తుంది: ‘జీ పాఁస్’, దాని గురించి ఆలోచిస్తున్నాను. క్రియకు ‘ద’ ఉంటే ‘ఆఁ’ వస్తుంది: ‘జాఁ పార్ల్’, దాని గురించి మాట్లాడుతున్నాను. ప్రశ్న కూడా ఇలాగే మారుతుంది. దేని గురించి ఆలోచిస్తున్నావని అడగాలంటే ‘ఆ క్వా’తో మొదలుపెట్టాలి. దేని గురించి మాట్లాడుతున్నావని అడగాలంటే ‘ద క్వా’ కావాలి. ‘నేను ఆలోచిస్తున్న పుస్తకం’ అన్నప్పుడు ‘ఒకెల్’, ‘నేను మాట్లాడుతున్న పుస్తకం’ అన్నప్పుడు ‘దోఁ’.

అంటే క్రియతో పాటు ప్రెపొజిషన్ గుర్తు లేకపోతే సర్వనామం, ప్రశ్న, విశేషణ వాక్యం మూడూ ఒకేసారి తప్పుతాయి. చివరిది ఫ్రెంచివాళ్లకూ పరీక్షే. ‘నాకు అవసరమైనది’ అనడానికి ‘దోఁ’ వాడాల్సిన చోట వాళ్లు కూడా మాటల్లో ‘క’ అనేయడం వినిపిస్తుంది.

మనిషి విషయంలో ఇంకో మెలిక ఉంది. అమ్మకు ఫోన్ చేయడం ‘తెలెఫొనే ఆ’, అమ్మ గురించి ఆలోచించడం ‘పాఁసే ఆ’. రెండింటికీ ‘ఆ’నే. అయినా ‘ఆమెకు ఫోన్ చేస్తాను’ అంటే ‘జ లుయీ తెలెఫోన్’, ‘ఆమె గురించి ఆలోచిస్తాను’ అంటే ‘జ పాఁస్ ఆ ఎల్’. మొదటిదానిలో మాట అవతలి మనిషికి చేరుతుంది, అందుకే ‘లుయీ’. రెండోదానిలో ఆలోచన ఆమె వైపు వెళుతుందే కానీ ఆమెకు ఏదీ అందదు. కాబట్టి ‘ఆ’ క్రియలను ఒక జాబితాగా కాక రెండుగా విడదీసి నేర్చుకోవాలి.

మూడు గుంపులు

మొదటిది ‘ఈ’ గుంపు. మనసు ఒక వస్తువు మీదికో, విషయం మీదికో వెళ్లే క్రియలు ఇందులో ఎక్కువ. ఆలోచించడం (పాఁసే), లోతుగా విచారించడం (రెఫ్లెషీర్), ఆసక్తి చూపడం (సేఁతెరెసే), దేన్నైనా విడవలేనంతగా విలువనివ్వడం (తెనీర్), పాల్గొనడం (పార్తిసిపే), వదులుకోవడం (రనోఁసే).

రెండోది ‘లుయీ’ గుంపు. ఇక్కడ తెలుగు ‘కి’ బాగా పనికొస్తుంది. అతనికి జవాబివ్వడం (రెపోఁద్ర్), అతనికి ఫోన్ చేయడం, అతనికి నచ్చడం (ప్లేర్). అయితే మూడు చోట్ల తెలుగు చేయి వదిలేస్తుంది. మనం ‘అతన్ని’ అడుగుతాం, ‘అతనితో’ మాట్లాడతాం, ‘అతని దగ్గర’ అప్పు తీసుకుంటాం. ఫ్రెంచిలో మూడూ ‘అతనికి’ చేసినట్టే ఉంటాయి: దమాఁదే ఆ, పార్లే ఆ, ఆఁప్రేఁతే ఆ. అప్పు తీసుకోవడమే కాదు, దొంగిలించడం (వొలే), దాచిపెట్టడం (కషే) కూడా ఎవరి నుంచైతే ఆ మనిషి ముందు ‘ఆ’నే పెడతాయి.

మూడోది ‘ఆఁ’ గుంపు, అంటే ‘ద’ క్రియలు. ఇది అన్నిటికంటే పెద్దది కాబట్టి రూపాన్ని బట్టి విడగొడితే తేలిక. ‘అవ్వార్’ తర్వాత నామవాచకం వచ్చే జంటలు ఒక వరుస: అవసరం ఉండడం (బెజ్వేఁ), కోరిక కలగడం (ఆఁవీ), భయం వేయడం (పర్). ‘స’తో మొదలయ్యే క్రియలు ఇంకో వరుస: గుర్తుండడం (స సువ్నీర్), వాడుకోవడం (స సెర్వీర్), చూసుకోవడం (సొక్యూపే), ఎగతాళి చేయడం (స మొకే). ‘స’ ఉంటే ‘ద’ అనే ఊహ చాలాసార్లు నిలబడుతుంది, కానీ అది నియమం కాదు. ఆసక్తి చూపే ‘సేఁతెరెసే’, అలవాటు పడే ‘సాబిత్యుయే’ రెండూ ‘ఆ’ వైపే ఉంటాయి. నమ్మడానికి ‘స ఫ్యే ఆ’, అపనమ్మకంతో జాగ్రత్తపడడానికి ‘స మెఫ్యే ద’. ఈ రెంటినీ పక్కపక్కనే రాసుకుంటే ఒకటి రెండోదాన్ని గుర్తుచేస్తుంది.

ఎలా కంఠస్థం చేయాలి

‘పాఁసే ఆ’ అని మూలరూపంలో పట్టిక రాస్తే పరీక్ష ముందు రోజు వరకే గుర్తుంటుంది. దాని బదులు ప్రతి క్రియనూ సర్వనామంతో కలిపి, ‘నేను’ రూపంలో, ఒకే ఊపులో పలికే మాటగా రాసుకోవాలి. మొదటి గుంపు పేజీ ఇలా ఉంటుంది: జీ పాఁస్, జీ రెఫ్లెషీ, జీ త్యేఁ, జీ పార్తిసీప్, జీ రనోఁస్, జ మీ ఏఁతెరెస్. మూడో గుంపుది ఇలా: జాఁ పార్ల్, జాఁ దూత్ (అనుమానం), జాఁ నే బెజ్వేఁ, జ మాఁ సువ్యేఁ, జ మాఁ సెర్. క్రియ గుర్తొచ్చినప్పుడు ‘జీ’ లేదా ‘జాఁ’ శబ్దం కూడా నోటికి వస్తుంది, దానితోపాటే ప్రెపొజిషన్ తెలుస్తుంది.

ఒక విడతకు ఒక గుంపు నుంచి ఆరు మాత్రమే తీసుకోవాలి. అవి తడుముకోకుండా వచ్చాక వేరే గుంపు నుంచి మరో ఆరు కలిపి, వరుస తప్పించి అడిగించుకోవాలి. ఒకే గుంపులో వరుసగా చెబితే జవాబు ముందే తెలిసిపోతుంది, కాబట్టి వచ్చిందో లేదో తేలదు. తెలుగులో క్రియ వినగానే రెండు మూడు సెకన్లలో సర్వనామంతో కలిపి చెప్పలేకపోతే అది ఇంకా రానట్టే.

చదివేటప్పుడు ఈ ప్రెపొజిషన్లు మారువేషంలో ఎదురవుతాయని కూడా గుర్తుంచుకోవాలి. పుంలింగ పదం ముందు ఉండే ‘ల’తో కలిసి ‘ఆ’ కాస్తా ‘ఓ’ అవుతుంది, ‘ద’ కాస్తా ‘ద్యూ’ అవుతుంది. ‘జ పాఁస్ ఓ వొయాజ్’ అన్నప్పుడు ‘ఓ’లో దాగింది ‘ఆ’నే. అక్కడ సర్వనామం ‘ఈ’ అని పోల్చుకోవాలి.

ఒక వాక్యం విప్పి చూస్తే

‘జీతం గురించి డైరెక్టర్‌తో మాట్లాడాను’ అనాలి. విషయానికి ‘ద’, మనిషికి ‘ఆ’: ‘జే పార్లే ద్యూ సలేర్ ఓ దిరెక్తర్’. ఇప్పుడు ‘దాని గురించి ఆయనతో మాట్లాడాను’ అనాలి. ‘ఓ దిరెక్తర్’ పోయి ‘లుయీ’, ‘ద్యూ సలేర్’ పోయి ‘ఆఁ’ వస్తాయి. రెండూ క్రియకు ముందు, మనిషి మొదట: ‘జ లుయీ ఆఁ నే పార్లే’. ‘గురించి’, ‘తో’ అనే తెలుగు మాటలను నేరుగా అనువదించబోతే ఈ వాక్యం రాదు.

అర్థం మార్చే జంటలు

కొన్ని క్రియలు రెండింటినీ అనుమతిస్తాయి, అర్థం మాత్రం మారిపోతుంది. ‘పాఁసే ఆ’ అంటే మనసులో తలచుకోవడం, ‘పాఁసే ద’ అంటే అభిప్రాయం కలిగి ఉండడం. ‘ఈ సినిమా గురించి ఏమనుకుంటున్నావు’ అనే ప్రశ్నకు ‘ద’ కావాలి: ‘క పాఁస్ త్యూ ద స ఫిల్మ్’. జవాబు చెప్పేటప్పుడు మాత్రం ‘బాగుందని అనుకుంటున్నాను’ అన్నట్టు ‘పాఁసే క’తో మొదలుపెట్టడమే సాధారణం.

అసలు ప్రెపొజిషనే లేని క్రియలను వేరే పేజీలో రాసుకోవాలి. ఇంగ్లిష్ అలవాటు ఉన్నవారికి అక్కడే చెయ్యి జారుతుంది. వెతకడం (షెర్షే), వినడం (ఎకుతే), చూడడం (రగార్దే) ఫ్రెంచిలో నేరుగా కర్మను తీసుకుంటాయి. తెలుగులోనూ తాళాలు వెతుకుతాం, రేడియో వింటాం, కాబట్టి ఈ మూడింటికీ ఇంగ్లిష్ కంటే తెలుగే దగ్గర. ఎదురుచూడడం (అతాఁద్ర్) ఒక్కటే మినహాయింపు. మనం బస్సు ‘కోసం’ ఎదురుచూస్తాం, ఫ్రెంచివారు బస్సునే ఎదురుచూస్తారు.