బెంగళూరు నుంచి రామప్ప దాకా

1996 నవంబరు 23న బెంగళూరులో మిస్ వరల్డ్ పోటీ జరిగినప్పుడు వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. హిందూత్వ సంస్థలు దాన్ని సంస్కృతికి అవమానమన్నాయి. వామపక్ష మహిళా సంఘాలు స్త్రీ శరీరాన్ని సరుకు చేస్తున్నారన్నాయి. ఈతదుస్తుల ఘట్టాన్ని సీషెల్స్‌కు తరలించి నిర్వాహకులు మొదటివారికి కొంత జవాబు చెప్పారు. రెండోవారి ప్రశ్న అలాగే మిగిలింది.

2025 మే నెలలో అదే పోటీ హైదరాబాదుకు వచ్చింది. ఈతదుస్తుల ఘట్టం అప్పటికే రద్దయింది, సేవా కార్యక్రమాలకు ప్రాధాన్యం పెరిగింది. పర్యాటకం, పెట్టుబడులు వస్తాయని ప్రభుత్వం వాదించింది. ఆ వాదనను కొట్టిపారేయలేము. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన యువతులు రామప్ప శిల్పాన్ని చూడటం చిన్న విషయమేమీ కాదు.

కానీ మే 14న అక్కడే స్థానిక మహిళలు పోటీదారుల కాళ్లు కడిగి తుడిచిన దృశ్యం దుమారం రేపింది. ప్రతిపక్షాలు దాన్ని తెలంగాణ ఆడబిడ్డల ఆత్మగౌరవ ప్రశ్నగా మార్చాయి; సమర్థకులు అతిథి మర్యాద అన్నారు. ఇంటికొచ్చిన వారికి కాళ్లకు నీళ్లివ్వడం మన మర్యాదే. కడుక్కునేది మాత్రం అతిథే.

1996 నాటి చర్చ వేదిక మీది స్త్రీ గురించి. 2025 నాటి చర్చ ఆమె పాదాల దగ్గర కూర్చున్న స్త్రీ గురించి. పోటీదారులు ఆత్మవిశ్వాసం నేర్చుకుని ఉండవచ్చు; చూస్తున్న మన పిల్లలు నేర్చుకున్నది ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదే.