మజ్జిగ, చద్దన్నం (పేగుల ఆరోగ్యం)

నెల్లూరు తీరంలో ఉప్పు మడుల్లో, వరి పొలాల్లో ఎండలో పనిచేసేవారికి మజ్జిగ, చద్దన్నం పాత ఆహారం. పాలు తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు పాలలోని చక్కెర అయిన లాక్టోజులో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. మిగిలిన లాక్టోజును పేగుల్లో విడగొట్టడానికి కూడా అవే సాయపడతాయి. పాలు తాగితే కడుపు ఉబ్బరించే చాలామందికి పెరుగు పడడానికి కారణం ఇదే. అయితే ఈ జీవులు పేగుల్లో స్థిరపడవు, కొద్ది రోజుల్లో వెళ్లిపోతాయి. అందుకే అప్పుడప్పుడు తినడంకంటే రోజూ కొంచెం తినడమే మేలు. ఇడ్లీ, దోసెల్లోనైతే అవి వేడికే చనిపోతాయి. పిండి పులియడంవల్ల తేలిగ్గా అరగడం మాత్రం మిగులుతుంది.

చెమటతో నీటితోపాటు సోడియం కూడా పోతుంది, లీటరుకు సుమారు 1 గ్రాము. ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీళ్లు పోసి, పావు చెంచా ఉప్పు కలిపిన మజ్జిగలో దాదాపు అర గ్రాము సోడియం ఉంటుంది. ఉప్పు లేని మజ్జిగ ఈ లోటు తీర్చదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయం వైద్యుణ్ణి అడగాలి. విరేచనాలకు మాత్రం ఓఆర్ఎస్సే వాడాలి.

చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగకుండా పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. కానీ అన్నాన్ని గంటలకొద్దీ వెచ్చగా వదిలేస్తే వాంతులు కలిగించే విషం పుట్టవచ్చు. మళ్లీ వేడిచేసినా అది పోదు. త్వరగా చల్లార్చి నీళ్లు, పుల్ల మజ్జిగ పోయాలి. జిగట సాగినా, రంగు మచ్చలు కనిపించినా పారేయాలి.