వేళకు గుర్తుచేసే పని: క్రాన్ నుంచి క్లౌడ్ దాకా

1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన యునిక్స్ ఏడో కూర్పులో `calendar` అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. వాడేవారు తమ డైరెక్టరీలో అదే పేరుతో ఒక ఫైలు పెట్టుకుని, తేదీలు వేసి పనులు రాసుకునేవారు. రోజూ తెల్లవారకముందే ఆ ప్రోగ్రాం అందరి ఫైళ్లూ వెతికేది. ఆ రోజుకో మర్నాటికో రాసుకున్న వరుస కనిపిస్తే, దాన్ని ఆ మనిషికి మెయిల్ చేసేది. వారాంతమైతే సోమవారం దాకా ముందుచూపు చూసేది. ఆ ప్రోగ్రాంను వేళకు నిద్రలేపే బాధ్యత క్రాన్‌ది. ఈనాడు ఫోన్‌లో మోగే “మాత్ర వేసుకోండి” అన్న సందేశం వెనక కూడా ఈ మూడు పనులే ఉన్నాయి: వేళ చూడడం, వెతకడం, పంపడం.

అప్పటి క్రాన్ నిమిషానికోసారి లేచి, పట్టికలో ఆ నిమిషానికి రాసిన ఆదేశాలుంటే నడిపేది. యంత్రమంతటికీ ఒకటే పట్టిక. ఒక్కొక్కరికీ ఒక్కో పట్టిక ఇవ్వాలనుకుంటే ఆ పద్ధతి భారమవుతుంది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బ్రౌన్ దీనికి దారి చూపాడు. జరగాల్సిన పనులన్నిటినీ వేళల వరుసలో పేర్చి, అన్నిటికన్నా ముందున్న పని వేళ వచ్చేదాకా ప్రోగ్రాంను నిద్రపుచ్చాడు.

పంపే పనికి మాత్రం కొత్త దారి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. జేబులోని ఫోన్‌కు స్థిరమైన చిరునామా ఉండదు. ప్రతి యాప్ తన సర్వర్‌తో విడిగా సంబంధం పెట్టుకుంటే బ్యాటరీ నిలవదు. అందుకే యాపిల్ 2009లో, గూగుల్ 2010లో పుష్ సేవలు తెచ్చాయి. ఫోన్ ఆ సంస్థతో ఒకే సంబంధం నిలుపుకుంటుంది. యాప్‌కు ఒక టోకెన్ దక్కుతుంది. గూగుల్ సేవ రెండుసార్లు రూపం మార్చుకుని 2016లో ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అయింది. 2019లో ఫైర్‌బేస్ ఫంక్షన్లకు నేరుగా వేళ నిర్ణయించే వీలు వచ్చింది. దాంతో సొంత సర్వర్ అక్కర లేకుండానే మూడు పనులూ ఒకచోట చేరాయి.

క్లౌడ్ ఫంక్షన్ మళ్లీ నిమిషానికోసారే లేస్తుంది. ఒక పిలుపుకూ మరో పిలుపుకూ మధ్య దాని జ్ఞాపకాన్ని నమ్మడానికి లేదు కాబట్టి, బ్రౌన్ పేర్చిన వరుస ఇప్పుడు డేటాబేస్ ఇండెక్స్‌లో ఉంటుంది. ప్రశ్న ఇంతే:

```js
db.collection("reminders")
  .where("sent", "==", false)
  .where("dueAt", "<=", Timestamp.now())
```

ఇక్కడ `<=` గుర్తు కీలకం. గుంటూరులో ఒకరికి ఉదయం 8:00కు మాత్ర ఉందనుకుందాం. డేటాబేస్‌లో అది అంతర్జాతీయ కాలమానంలో 02:30గా నిలుస్తుంది. సరిగ్గా ఈ నిమిషానివే కావాలని అడిగితే, ఆ ఒక్క పిలుపు విఫలమైన రోజున మాత్ర మాటే వినిపించదు. వేళ దాటినా ఇంకా పంపనివన్నీ అడిగితే 8:01కి దొరుకుతుంది.

వేళ రాయడంలో మరో చిక్కుంది. కాలమండలం చెప్పకుండా రోజూ 8 గంటలకని షెడ్యూల్ రాస్తే ఫైర్‌బేస్ దాన్ని మన సమయంగా తీసుకోదు. `Asia/Kolkata` అని రాస్తేనే అది మన ఉదయమవుతుంది.

అసలు కష్టం `sent`ను ఎప్పుడు మార్చాలన్నదే. పంపాక మారుద్దామంటే, ఆ రెంటి మధ్య ఫంక్షన్ ఆగిపోతే మరుసటి నిమిషం అదే సందేశం మళ్లీ వెళ్తుంది. ముందే మారిస్తే, అసలు వెళ్లకపోవచ్చు. ఈ రెంటినీ పూర్తిగా తప్పించే మార్గం లేదు. మందుల విషయంలో రెండుసార్లు మోగడమే మేలు. అయితే రెండో సందేశం చూసి రెండో మాత్ర వేసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆండ్రాయిడ్ సందేశానికి `tag` ఇస్తారు. తెరపై ఉన్న పాతదాని స్థానంలోనే కొత్తది వచ్చి కూర్చుంటుంది.

ఫోన్ ఆపి ఉంటే సందేశం గూగుల్ దగ్గర మామూలుగా నాలుగు వారాల దాకా ఆగగలదు. సోమవారపు మాత్ర కబురు గురువారం రావడం కీడే కాబట్టి, ఆ గడువును గంటకు కుదించాలి. యాప్ తీసేసిన ఫోన్‌కు పంపితే `UNREGISTERED` అన్న జవాబు వస్తుంది. అప్పుడు ఆ టోకెన్‌ను చెరిపేయాలి.

ఇన్ని చేసినా `sent` అన్న గుర్తుకు అర్థం, సందేశాన్ని పుష్ సేవ అందుకుందనే. ఫోన్ మోగిందని గానీ, మనిషి చూశాడని గానీ అది చెప్పదు. మందుల యాప్ రాసేవారు “వేసుకున్నాను” అన్న మీటను సందేశంతోపాటే ఇచ్చి, అది నొక్కితేనే ఆ పూట మాత్ర పడిందని లెక్కగట్టాలి.