గైర్హాజరు ఎవరి ఖాతాలో? (మన హాస్టళ్ల చరిత్ర – 6)

గత భాగాల్లో హాస్టల్ గదుల గురించి, వంటవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఒక కాగితం గురించి. నెల మొదటి వారంలో నోటీసు బోర్డు మీద అంటించే మెస్ షీటు. ఎడమ పక్క పేరు, రూం నంబరు. మధ్యలో ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా గళ్లు. కుడి పక్క మెస్ రోజులు, రోజు రేటు, ఈ నెల బిల్లు, పాత బాకీ, మొత్తం. అందరి చూపూ చివరి గడి మీదకే పోతుంది. అసలు కథ మధ్య గళ్లలో ఉంది. నువ్వు తిన్న రోజుకి ఏం రాశారు, తినని రోజుకి ఏం రాశారు అన్నదే బిల్లు.

చదువుకునే పిల్లాడి తిండికి రోజుల లెక్క వేయడం మన దగ్గర హాస్టళ్లతో మొదలవలేదు. వారాలు చేసుకుని చదువుకున్న పెద్దమనుషుల ఆత్మకథలు మనం పాఠాలుగా చదివాం. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, ఇలా ఏడు రోజులకి ఏడిళ్లు. అదీ ఒక మెస్ చార్టే. బిల్లు మాత్రం లేదు. పేద బ్రాహ్మణ కుర్రాడికి ఊళ్లోని ఏడిళ్ల వంటగదులు స్కాలర్‌షిప్పుగా పనిచేశాయి. మాల, మాదిగ, రెల్లి కుర్రాడికి ఆ ఏడిళ్లలో ఒక్క గుమ్మం కూడా తెరుచుకోలేదు. మనవాళ్ల పేదరికం వాళ్ల పేదరికం కన్నా ఎక్కువ కావడం ఒక్కటే కాదు, మన పేదరికానికి అన్నం పెట్టే ఏర్పాటే లేదు. అందుకే మనకి చదువు అంటే ముందు హాస్టల్.

రాజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1920 ప్రాంతంలో ఆ ప్రెసిడెన్సీలో లేబర్ కమిషనర్ అనే పదవి వచ్చింది. అణగారిన కులాల బడులు, మంచినీటి బావులు, ఇళ్ల స్థలాలు, హాస్టళ్లు ఆ శాఖ చూసేది. కాలేజీ చదువుకి డబ్బు మాత్రం తర్వాత వచ్చింది. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా చేరిన అంబేడ్కర్, అదే ఏడాది అక్టోబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకి ఒక మెమొరాండం ఇచ్చారు. షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకి ఏటా మూడు లక్షల రూపాయలు ఆ పోరాటంతోనే వచ్చాయి. 1944లో మొదలైన స్కాలర్‌షిప్పు నేటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకి మూలం. అందులో ఫీజు ఒక భాగమైతే, తిండికీ బసకీ ఇచ్చే మెయింటెనెన్స్ రెండో భాగం. అంటే మెస్ షీటులో చివరి గడి నింపడానికి ఉద్దేశించిన డబ్బు.

ఇప్పుడు షీటు లోపలికి వెళ్దాం. 1997లో జి.ఎం.ఆర్. ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక రాజాం చదువుల ఊరుగా పేరు తెచ్చుకుంది. నేను చెప్పబోయే అంకెలు మాత్రం అక్కడివీ కావు, మరే కాలేజీవీ కావు. లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. మీ హాస్టల్ అంకెలు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి.

వంద మంది ఉన్న మెస్ అనుకుందాం. ముప్పై రోజుల నెల. వంటవాళ్ల జీతాలు, కరెంటు, సామాన్ల మరమ్మతు కలిపి 60 వేలు. తినేవాళ్లు తగ్గినా ఈ ఖర్చు తగ్గదు. బియ్యం, పప్పు, కూరగాయలు, గుడ్లు, గ్యాస్ కలిపి ఒక మనిషికి ఒక రోజుకి 50 రూపాయలు. తినేవాళ్లు తగ్గితే ఇది తగ్గుతుంది. అందరూ అన్ని రోజులూ తింటే 3,000 మెస్ రోజులు, ఖర్చు 2,10,000, రోజుకి 70 రూపాయలు. కానీ ఆ నెలలో అందరి గైర్హాజరూ కలిపి 500 రోజులు వచ్చింది. తిన్నవి 2,500 రోజులు. ఖర్చు 1,85,000. దీన్ని 2,500 తో భాగిస్తే రోజుకి 74. మన యూనివర్సిటీ హాస్టళ్లలో డివైడింగ్ మెస్ అనేది ఇదే. అయిన ఖర్చుని తిన్న రోజులతో భాగించడం.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. రిబేటు ఎవరూ జేబులోంచి ఇచ్చే దానం కాదు. వెళ్లినవాళ్లకి తగ్గింది ఉన్నవాళ్లకి పెరిగింది. డెబ్బై కాస్తా డెబ్బై నాలుగయింది. అందుకే రిబేటుకి షరతులు పుట్టాయి. ముందు రోజే రాసివ్వాలి, ఎందుకంటే వంటమనిషి తలల లెక్క చూసుకుని బియ్యం కొలుస్తాడు. ఇది న్యాయమే. రెండో షరతు చూడండి. వరసగా మూడు రోజులో, ఐదు రోజులో లేకపోతేనే రిబేటు. ఒక రోజు, రెండు రోజులు వెళ్తే లెక్కలోకి రాదు. షీటులో ఈ షరతుకి రెండు అక్షరాలు ఉంటాయి. ఒప్పుకున్న గైర్హాజరుకి R, ఒప్పుకోని గైర్హాజరుకి A. ఎక్సెల్‌లో ఒక విద్యార్థి మెస్ రోజుల గడి మీద క్లిక్ చేస్తే ఇలాంటి ఫార్ములా కనపడుతుంది:

```
=COUNTA(C5:AG5)-COUNTIF(C5:AG5,"R")
```

నింపిన గళ్లన్నీ లెక్కపెట్టి, అందులోంచి R లు మాత్రమే తీసేయమని దీని అర్థం. A లు తీసేయదు. అంటే నువ్వు లేవని షీటుకి తెలుసు. తెలిసే బిల్లు వేస్తుంది.

మన ఐదు వందల రోజుల్లో 200 రోజులకే R పడిందనుకోండి. బిల్లు పడే రోజులు 2,800 అవుతాయి. అదే 1,85,000 ని 2,800 తో భాగిస్తే రోజుకి 66 రూపాయల 7 పైసలు. రేటు తగ్గిందని నోటీసు బోర్డు దగ్గర అందరూ సంతోషిస్తారు. ఎవరి వల్ల తగ్గిందో ఎవరూ చూడరు.

సంతకవిటి మండలం నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయిని ఊహించండి. నాట్ల నెల. అమ్మ కూలికి పోతే ఇంట్లో చిన్నపిల్లల్నీ ముసలమ్మనీ చూసేవాళ్లు లేరు. రెండేసి రోజుల చొప్పున నాలుగు సార్లు ఇంటికి వెళ్లింది. మొత్తం ఎనిమిది రోజులు. ఒక్కసారీ వరసగా మూడు రోజులు కాలేదు. ఎనిమిదీ A లే. తిన్న రోజులతో లెక్కేస్తే ఆమె బిల్లు 22 రోజులకి 74 చొప్పున 1,628. షరతు లెక్కలో 30 రోజులకి 1,982. తినని తిండికి 354 రూపాయలు ఎక్కువ కట్టింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన క్లాస్‌మేటు పదిరోజులు వరసగా ఊరెళ్లి, ఉత్తరం ఇచ్చి పది R లు తెచ్చుకుంది. ఆ ఉత్తరంలో తప్పేమీ లేదు. కానీ వరస రోజుల షరతు దూరపు ఊరికి, సెలవుల ప్రయాణానికి సరిపోయేలా కుదిరింది. వంగర, రేగిడి పల్లెల నుంచి వచ్చి పని పడ్డప్పుడల్లా ఇంటికి పరిగెత్తే పిల్లలకి అది సరిపోదు. కులం పేరు ఎక్కడా రాయకుండానే ఈ షరతు ఎవరి జేబులోంచి తీస్తుందో చూశారు కదా.

మెస్ కాంట్రాక్టరుకి ఇస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. రేటు ముందే 70 అని ఖాయం. 2,800 రోజులకి 1,96,000 వసూలవుతుంది. ఖర్చు 1,85,000. మిగిలిన 11 వేలు డివైడింగ్ మెస్‌లో అయితే పిల్లలకే తిరిగొచ్చేవి, ఇక్కడ రావు. ఇందులో మన అమ్మాయి వంతు 2,100. ఆమె తిన్నది 1,540కి.

అయితే అన్ని A లనీ R చేసేస్తే సరిపోతుందా? కాంట్రాక్టరు మెస్‌లో అలా చేస్తే 2,500 రోజులకి 1,75,000 వస్తుంది, పది వేలు తక్కువ పడుతుంది. వాళ్ల వాదనలో ఆ మేరకు నిజం ఉంది. దారి ఒకటుంది. బిల్లుని రెండు ముక్కలు చేయాలి. తగ్గని ఖర్చు 60 వేలు వంద మందికి సమానంగా, తలకి 600. తిండి ఖర్చు తిన్న రోజుకి 50. అప్పుడు మన అమ్మాయి బిల్లు 600, 1,100 కలిపి 1,700. ముప్పై రోజులూ తిన్నవాళ్లకి 2,100. అందరిదీ కూడితే సరిగ్గా 1,85,000. వెళ్లినవాళ్ల భారం ఉన్నవాళ్ల మీద పడదు, వరస రోజుల షరతు అక్కర్లేదు. ముందు రోజు చెప్పడం ఒక్కటి చాలు.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఇదే షీటు తలకిందులవుతుంది. అక్కడ పిల్లలు బిల్లు కట్టరు. ప్రభుత్వం తలకి ఇంత అని ఇస్తుంది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్, ఆపై చదువులకి నెలకి 1,400 ఉన్నదాన్ని 1,600 చేశారు. రోజుకి 53 రూపాయల చిల్లర. పిల్ల ఇంటికి వెళ్తే ఆ రోజు డబ్బు డ్రా చేయకూడదు. వెళ్లిన పిల్లకి P వేస్తే ఆ యాభై మూడు ఎవరో ఒకరి జేబులోకి పోతుంది. అక్కడ A రాయడం వల్ల నష్టం, ఇక్కడ P రాయడం వల్ల నష్టం. రెండు చోట్లా మన గైర్హాజరు వేరేవాళ్లకి ఆదాయం. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. భోగి రోజున, హాస్టల్ ఖాళీగా ఉన్న రోజున, నిండు హాజరు ఉందేమో చూడండి. ఆ రోజు స్టాకు రిజిస్టర్లో ఎన్ని కిలోల బియ్యం తీశారో పక్కన పెట్టి చూడండి. తలలు వంద ఉండి బియ్యం ముప్పై మందికి సరిపడా ఉంటే ఏదో ఒక కాగితం అబద్ధం చెప్తోంది.

ఇక చివరి గడిలో మొత్తం కట్టడానికి డబ్బు ఎప్పుడొస్తుంది? 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలోనే జగనన్న వసతి దీవెన మొదలుపెట్టారు. డిగ్రీ, ఆపై చదువులకి ఏటా 20 వేలు, రెండు విడతలుగా, తల్లి ఖాతాలోకి అన్నారు. కేంద్రం సవరించిన పోస్ట్ మెట్రిక్ నిబంధనల్లో హాస్టల్లో ఉండి వృత్తి విద్యా డిగ్రీ చదివే ఎస్సీ విద్యార్థికి ఏడాదికి 13,500. నెలకి 2,100 చొప్పున పది నెలల మెస్ బిల్లు 21 వేలు. అంకెల తేడా ఒకటైతే, కాలం తేడా ఇంకొకటి. బిల్లు నెలనెలా వస్తుంది, సాయం విడతల్లో వస్తుంది. ఈ మధ్యలో పాత బాకీ గడి పెరుగుతూ ఉంటుంది. పైగా వసతి దీవెనకి 75 శాతం హాజరు షరతు ఉండేది. మన అమ్మాయి నాట్ల రోజులు కాలేజీ పనిరోజుల్లో పడితే మెస్ షీటులోనూ A, క్లాసు రిజిస్టర్లోనూ A. మొదటి A కి డబ్బు కట్టాలి. రెండో A వల్ల, ఆ డబ్బు కట్టడానికి రావాల్సిన సాయమే ఆగిపోవచ్చు.

కాబట్టి ఈసారి షీటు అంటించినప్పుడు మీ వరసలో A లు, R లు విడివిడిగా లెక్కపెట్టండి. తర్వాత ఏ రోజు ఎంతమంది తిన్నారన్న నిలువు మొత్తాలన్నీ కూడి, అడ్డంగా ఒక్కొక్కరి తిన్న రోజుల మొత్తంతో సరిచూడండి. రెండూ ఒకటే రావాలి. రాకపోతే నెల ఖర్చు వివరం, రోజువారీ స్టాకు రిజిస్టరు, మంజూరైన రిబేటు ఉత్తరాల జాబితా అడగండి. ప్రభుత్వ హాస్టలైతే సమాచార హక్కు చట్టం కింద ఇవన్నీ అడగొచ్చు.

వచ్చే భాగంలో పాత బాకీ గడి గురించి, నో డ్యూస్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుందాం. జై భీమ్.