ఇండియా నుంచి తెచ్చిన కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్ ఎందుకు వద్దంటుంది?

పాయింట్ కుక్‌లో మనవాళ్లు ఊరెళ్లి వచ్చేటప్పుడు పచ్చళ్లతో పాటు ప్రింటర్ ఇంకు కూడా తెచ్చుకోవడం ఉంది. ఇక్కడ చౌక కాదు కదా! అయితే దాన్ని ఇక్కడ కొన్న ప్రింటర్‌లో పెట్టగానే, కార్ట్రిడ్జ్ గుర్తించలేదని తెర మీద రావచ్చు.

అంతమాత్రాన ఇంకు పాడైనట్టు కాదు. హెచ్‌పీ చాలా మోడళ్లకు ప్రాంతాన్ని బట్టి వేర్వేరు కార్ట్రిడ్జ్‌లు అమ్ముతుంది. ప్రింటర్ తన ప్రాంతం కాని చిప్‌ను ఒప్పుకోదు. ఎంత తుడిచినా లాభం లేదు. అందుకే ముందు కార్ట్రిడ్జ్ పెట్టె మీది నంబరును ప్రింటర్ మూత లోపల ఉన్న నంబరుతో పోల్చండి. ప్రింటరే ఇండియా నుంచి వచ్చిందైతే, ప్రాంతం మార్చడం కుదురుతుందేమో హెచ్‌పీ కస్టమర్ కేర్‌ను అడగండి.

నంబర్లు కలిసినా అదే గొడవైతే, రాగిరంగు కాంటాక్టులను అనుమానించాలి. రెండు కార్ట్రిడ్జ్‌ల డెస్క్‌జెట్‌లలో చాలావాటికి ఒకటి తీసేసినా రెండోదానితో ప్రింట్ అవుతుంది. నలుపు తీయగానే మెసేజ్ పోయిందంటే లోపం నలుపు వైపే ఉన్నట్టు. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, కార్ట్రిడ్జ్ మీద ప్లాస్టిక్ టేపు మిగిలిందేమో చూడండి. నూగు రాలని గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి, కార్ట్రిడ్జ్ మీది కాంటాక్టులనూ, అది కూర్చునే చోట ఉన్నవాటినీ తుడవండి. ఇంకు వచ్చే నాజిల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. పది నిమిషాలు ఆరనిచ్చి, క్లిక్‌మనేదాకా నొక్కండి.

అప్పటికీ రాకపోతే ఆ కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే. కొత్తదానికీ అదే మెసేజ్ వస్తే లోపం ప్రింటర్‌ది. ఖాళీ కార్ట్రిడ్జ్‌లను ఆఫీస్‌వర్క్స్‌లో రీసైక్లింగ్‌కు ఇవ్వొచ్చు.