డివిడెండు కాదు, లాభంలో వాటా: అసోసియేట్ కంపెనీ పెట్టుబడి లెక్క

వీపనగండ్ల ప్రాంతంలో పల్లి నూనె మిల్లు నడిపే ఒక కంపెనీ ఉందనుకుందాం. దాని నికర ఆస్తులు 2 కోట్ల రూపాయలు. వనపర్తిలోని ఒక వ్యాపార కంపెనీ అందులో 25 శాతం వాటాను 50 లక్షలకు కొన్నది. మన కంపెనీల చట్టం, 2013 ప్రకారం ఓటింగ్ బలంలో కనీసం 20 శాతం చేతిలో ఉంటే దాన్ని గణనీయమైన ప్రభావంగా లెక్కిస్తారు. కాబట్టి మిల్లు ఆ వ్యాపార కంపెనీకి అసోసియేట్ అవుతుంది.

మొదటి ఏడు పంట బాగా పండి మిల్లుకు 40 లక్షల లాభం వచ్చింది. కొన్న ధర పద్ధతిలో వ్యాపార కంపెనీ ఆ ఏడు ఏమీ రాయదు, ఎందుకంటే డివిడెండు ఇంకా ప్రకటించలేదు. ఈక్విటీ పద్ధతిలో తన వాటా 10 లక్షలను ఆదాయంగా రాస్తుంది. పెట్టుబడి విలువ 60 లక్షలవుతుంది.

రెండో ఏడు వానలు ముఖం చాటేసి మిల్లు 44 లక్షలు నష్టపోయింది. అయితే మొదటి ఏటి లాభంలోంచి 16 లక్షల డివిడెండును వాటాదారుల సభ ఆమోదించింది ఈ రెండో ఏటిలోనే. వ్యాపార కంపెనీకి 4 లక్షలు చేతికొచ్చాయి. కొన్న ధర పద్ధతి ఈ 4 లక్షలను ఆదాయంగా చూపిస్తుంది. విలువ తగ్గుదల తేల్చి రాస్తే తప్ప పెట్టుబడి 50 లక్షల దగ్గరే ఉంటుంది. ఈక్విటీ పద్ధతి 11 లక్షల నష్టాన్ని రాస్తుంది. డివిడెండును ఆదాయమనదు, పెట్టుబడిలో కొంత తిరిగొచ్చినట్టు తీసేస్తుంది. 60లోంచి 11, ఆపై 4 పోగా మిగిలేది 45 లక్షలు. మిల్లు నికర ఆస్తులు అప్పటికి 180 లక్షలు. అందులో నాలుగో వంతు సరిగ్గా అంతే.

ఈక్విటీ పద్ధతి వాడటానికి అసలు కారణం ఇక్కడే ఉంది. కొన్న ధర పద్ధతిలో మంచి ఏడు మౌనంగా గడిచింది, చెడ్డ ఏడు లాభంగా కనిపించింది. చిన్న వాటాదారుకు డివిడెండు నిర్ణయంలో మాట చెల్లేది తక్కువ. అసోసియేట్‌లో పెట్టుబడిదారు మాట నడుస్తుంది. డివిడెండునే ఆదాయంగా ఒప్పుకుంటే, ఎప్పుడు ఇప్పించుకోవాలో చూసుకుని తన లాభాన్ని తనే దిద్దుకోగలడు. ఈక్విటీ పద్ధతి ఆ దారి మూసేస్తుంది.

శాతం ఒక్కటే అన్నీ తేల్చదు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్‌కు చైనాలోని కున్‌షాన్ రోటమ్ రెడ్డి కంపెనీలో 51.33 శాతం వాటా ఉన్నా, నియంత్రణ భాగస్వామితో పంచుకున్నది కావడంతో దాన్ని జాయింట్ వెంచర్‌గా ఈక్విటీ పద్ధతిలోనే లెక్కించింది.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. మొదటి ఏడు చూపిన 10 లక్షల్లో ఒక్క రూపాయీ చేతికి రాలేదు. అప్పిచ్చే బ్యాంకు దీన్ని తిరిగి చెల్లించే స్తోమతగా లెక్కగట్టకూడదు. నగదు ప్రవాహ పట్టిక చూడాలి. మన దేశంలో కంపెనీ విడి లెక్కల్లో అసోసియేట్ పెట్టుబడి మామూలుగా కొన్న ధరకే ఉంటుంది, ఈక్విటీ పద్ధతి కనిపించేది కన్సాలిడేటెడ్ లెక్కల్లో. అందుకే అసోసియేట్లున్న కంపెనీ వార్షిక నివేదికలో విడి లెక్కలనూ కన్సాలిడేటెడ్ లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవండి.