ఒక్కో సైట్‌లో ఒక్కో పేరా? రెజ్యూమె పంపే ముందు ఇంజినీర్లు హ్యాండిల్ సెట్ చేసుకోండిలా..

ఇంజినీరింగ్ పూర్తయింది, రెజ్యూమె రెడీ. కింద గిట్‌హబ్, లింక్డ్‌ఇన్, ఎక్స్ లింకులు కూడా ఇచ్చారు. కానీ ఒకదాంట్లో కాలేజీ రోజుల నాటి నిక్‌నేమ్, ఇంకోదాంట్లో పేరు చివర నంబర్ల తోక, మరోదాంట్లో ఇంటిపేరుతో మొదలయ్యే పొడుగాటి పేరు. రెజ్యూమె చూసేవాళ్లకు ఈ మూడూ ఒకే మనిషివని ఎలా తెలుస్తుంది? అందుకే అన్నిచోట్లా ఒకే హ్యాండిల్ పెట్టుకోవడం మంచిది. హ్యాండిల్ అంటే లింకు చివర, లేదా @ గుర్తు తర్వాత కనిపించే పేరు.

ఒకే పేరు పెట్టుకోవడం తేలికే అనిపిస్తుంది. అసలు చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, అన్ని సైట్ల రూల్స్‌కూ సరిపోయే పేరు దొరకడం. రెండు, ఇప్పటికే వాడుతున్న పేరు మార్చినప్పుడు పాత లింకులు ఏమవుతాయన్నది.

అన్నిచోట్లా చెల్లే పేరు ఎలా ఉండాలి?

ఎక్స్‌లో హ్యాండిల్ 15 అక్షరాలు దాటకూడదు. అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే వాడాలి. గిట్‌హబ్‌లో 39 అక్షరాల దాకా ఓకే. అయితే అక్కడ అండర్‌స్కోర్ కుదరదు, మధ్యలో హైఫన్ మాత్రమే పెట్టుకోవచ్చు. ఆ హైఫన్‌ను ఎక్స్ ఒప్పుకోదు. జీమెయిల్‌కు కనీసం 6 అక్షరాలు ఉండాలి. అందులో చుక్క తప్ప వేరే గుర్తులు చెల్లవు.

ఇవన్నీ కలిపి చూస్తే మిగిలేది ఒక్కటే దారి. 6 నుంచి 15 లోపు, గుర్తులేవీ లేకుండా, చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో ఉండే పేరు. అంకెలు పెట్టుకోవచ్చు కానీ ఫోన్‌లో చెప్పేటప్పుడు తికమక పెడతాయి. పుట్టిన సంవత్సరం పెడితే వయసు కూడా చెప్పేసినట్టే.

ఉదాహరణకు ఈ పేరు చూద్దాం

ఒక అభ్యర్థి పేరు పొన్నగంటి నాగ శ్రావ్య అనుకుందాం. మొదట తట్టేది `sravyaponnaganti`. లెక్కపెడితే 16 అక్షరాలు. గిట్‌హబ్ తీసుకుంటుంది, ఎక్స్ మాత్రం ఒక్క అక్షరం ఎక్కువైందని తిప్పికొడుతుంది. అక్కడ ఒక అక్షరం కోసేస్తే మళ్లీ రెండు చోట్ల రెండు పేర్లు అవుతాయి.

మన దగ్గర పేర్లు రాసే పద్ధతే ఇక్కడ పనికొస్తుంది. పి.ఎన్. శ్రావ్య అని రాసినట్టే `pnsravya` అంటే 8 అక్షరాలే. అది ఎవరైనా తీసేసుకుని ఉంటే `nagasravyap` అంటే 11. రెండూ అన్ని రూల్స్‌లోనూ ఇముడుతాయి.

ఒక విషయం మరిచిపోవద్దు. టెన్త్ మెమోలో, రెజ్యూమెలో పేరు Sravya అని ఉండి, హ్యాండిల్‌లో shravya అని పెడితే వెతికేవాళ్లకు దొరకదు. లక్ష్మి, శ్రీనివాస్, చైతన్య లాంటి పేర్లకూ ఇదే సమస్య. సర్టిఫికెట్‌లో ఏ స్పెల్లింగ్ ఉందో హ్యాండిల్‌లోనూ అదే పెట్టాలి.

పేరు ఖాళీగా ఉందో లేదో ముందు అన్ని సైట్లలో చూసుకుని, ఆ తర్వాతే రిజిస్టర్ చేయాలి. లింకు ఓపెన్ చేస్తే పేజీ లేదని వచ్చినంత మాత్రాన పేరు ఖాళీ అని కాదు. సైన్ అప్ బాక్స్‌లోనో, పేరు మార్చే బాక్స్‌లోనో టైప్ చేస్తేనే ఖాయంగా తెలుస్తుంది. జీమెయిల్‌లో పేరు దొరక్కపోతే మధ్యలో చుక్క పెట్టి లాభం లేదు. చుక్కను జీమెయిల్ లెక్కలోకి తీసుకోదు, రెండూ ఒకే అడ్రస్ కింద చూస్తుంది. మెయిల్‌కు మాత్రం చివర రెండు అక్షరాలు కలిపినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అది ప్రొఫైల్ లింకు కాదు.

పాత పేరు మారిస్తే ఏమవుతుంది?

శ్రావ్య గిట్‌హబ్ పేరు మూడేళ్లుగా `coolsravya-99` అనుకుందాం. సెట్టింగ్స్‌లో అకౌంట్ విభాగానికి వెళ్లి `pnsravya` అని మార్చింది. ప్రాజెక్టుల పాత లింకులు నొక్కితే కొత్త చోటికే వెళ్తాయి. కానీ ప్రొఫైల్ పాత లింకు వెళ్లదు, 404 ఎర్రర్ వస్తుంది. రెజ్యూమెలో ఇచ్చేది సాధారణంగా ఆ ప్రొఫైల్ లింకే కదా!

ఇంకో రిస్క్ కూడా ఉంది. వదిలేసిన పాత పేరును ఎవరైనా తీసుకోవచ్చు. అప్పుడు పాత రెజ్యూమెలోని లింకు నొక్కితే వేరే వాళ్ల ప్రొఫైల్ తెరుచుకుంటుంది. ఆ కొత్త వ్యక్తి అదే పేరుతో ప్రాజెక్టు మొదలుపెడితే, అప్పటిదాకా పనిచేసిన రీడైరెక్ట్ కూడా ఆగిపోతుంది.

గిట్‌హబ్ పేజెస్‌లో పోర్ట్‌ఫోలియో ఉంటే `coolsravya-99.github.io` అడ్రస్ కూడా కొత్తదానికి వెళ్లదు. ఆ రిపాజిటరీ పేరును `pnsravya.github.io` అని మార్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాజెక్టుకు కొత్త అడ్రస్ ఇలా చెప్పాలి:

```
git remote set-url origin https://github.com/pnsravya/library-app.git
```

అందుకే గిట్‌హబ్‌లో ఉన్న పేరు మర్యాదగా ఉండి, 15 అక్షరాల లోపు, గుర్తులు లేకుండా ఉంటే దాన్ని కదపకపోవడమే మేలు. మిగతా వాటిని దానికి తగ్గట్టు మార్చుకోవాలి. లింక్డ్‌ఇన్‌లో లింకు మార్చడం తేలిక. ఆరు నెలల్లో ఐదు సార్ల వరకు మార్చుకోవచ్చు. అకౌంట్ తెరిచినప్పుడు సైటే ఇచ్చిన తోక ఉన్న లింకును తీసేసి, పబ్లిక్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో సొంత పేరు పెట్టుకోవచ్చు.

గిట్‌హబ్ పేరు మార్చక తప్పకపోతే, అప్లికేషన్లు పంపడం మొదలుపెట్టకముందే మార్చేయాలి. ఇప్పటికే పంపి ఉంటే జాబ్ పోర్టల్స్‌లో ఉన్న రెజ్యూమె తీసేసి కొత్తది అప్‌లోడ్ చేయాలి. ఇంటర్వ్యూ పిలుపు కోసం చూస్తున్న కంపెనీలకు కొత్త లింకుతో ఒక మెయిల్ పెట్టాలి. హెచ్ఆర్ దగ్గర సేవ్ అయిన పీడీఎఫ్ తనంతట తాను మారదు మరి.

అన్ని అకౌంట్లకూ ఇదే పేరు వద్దు

ఒకే హ్యాండిల్ అంటే ఒక్కటి వెతికితే అన్నీ బయటపడతాయని అర్థం. ఫ్రెండ్స్ కోసం నడిపే ఇన్‌స్టాగ్రామ్, గేమింగ్ ఐడీ, సినిమా గొడవల అకౌంట్ కూడా అదే పేరుతో ఉంటే అవీ కనిపిస్తాయి. ఉద్యోగానికి చూపించాలనుకున్న వాటికే ఆ పేరు వాడాలి. సొంత అకౌంట్లకు వేరే పేరు పెట్టుకోవాలి.

చివరగా ఇలా చెక్ చేయండి

ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, రెజ్యూమె పీడీఎఫ్‌లోని ప్రతి లింకునూ లాగిన్ లేకుండా ఓపెన్ చేయాలి. లాగిన్‌లో ఉన్నప్పుడు మనకు కనిపించేవన్నీ బయటివాళ్లకు కనిపించకపోవచ్చు. తెరుచుకున్న ప్రతి పేజీలో సర్టిఫికెట్‌లోని పేరు, అదే ఫొటో కనిపించాలి. హ్యాండిల్ ఉద్యోగం తెచ్చిపెట్టదు. కానీ ప్రాజెక్టు చూద్దామని లింకు నొక్కినవాళ్లకు 404 కనిపిస్తే, ఆ ప్రాజెక్టు ఎంత బాగున్నా వాళ్లకు కనిపించనే కనిపించదు.